పీటల గీతలు లెక్కపెట్టండి



ఈ మధ్య మీ ఉత్తరాలతో పాటు రాగి రేకుల ఫొటోలు చాలా వస్తున్నాయి. అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఇది శ్రీచక్రమేనా? దుకాణంలో అలాగే చెప్పి ఇచ్చారు." విడివిడిగా జవాబు రాసే బదులు, ఏ యంత్రాన్నైనా మీరే చేతిలోకి తీసుకుని పోల్చుకునే పద్ధతి ఈసారి ఉత్తరంలో రాస్తున్నాను. ఎక్కువ భాగం శ్రీచక్రం మీదే ఉంటుంది. అది తెలిస్తే మిగతావి సులువు.

రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు పంపిన ఫొటోతో మొదలుపెడతాను. అరచేతి వెడల్పు రాగి రేకు. బయట నాలుగు వైపులా ద్వారాలున్న చతురస్రం. అదే భూపురం. దాని లోపల పదహారు దళాల పద్మం, ఆ లోపల ఎనిమిది దళాల పద్మం. ఇంతవరకూ చూస్తే ఎవరైనా శ్రీచక్రమే అంటారు. ఎందుకంటే శ్రీచక్రానికి బయట ఉండేవి సరిగ్గా ఇవే: భూపురం, షోడశదళం, అష్టదళం. ఆవిడ కూడా రేకులు లెక్కపెట్టి, 16, 8 సరిపోయాయని తృప్తిపడ్డారు. కానీ నడుమ ఒకే ఒక షట్కోణం ఉంది. పైకి చూసే త్రికోణం ఒకటి, కిందికి చూసే త్రికోణం ఒకటి, రెండూ అడ్డుపడి ఆరు కొనలు. మధ్యలో నాగరి లిపిలో "హ్రీం" అని బీజాక్షరం. అది శ్రీచక్రం కాదు, భువనేశ్వరీ యంత్రం. షట్కోణం, దాని చుట్టూ అష్టదళం, దాని బయట షోడశదళం, ఆపైన భూపురం అనేది ఆ దేవతకు బాగా తెలిసిన రూపం. రేకులో దోషమేమీ లేదు, అమ్మినవాళ్లు చెప్పిన పేరే తప్పు.

పందిరిని చూసి అది ఎవరి ఇంటి పెళ్లో చెప్పలేం కదా, దళాలూ అంతే. అష్టదళ పద్మం ఎన్నో యంత్రాల్లో ఉంటుంది. మన ఇళ్లలో వ్రతాలకు పీట మీద బియ్యప్పిండితో వేసే పద్మం కూడా అష్టదళమే. కాబట్టి దళాల లెక్క అనుమానాన్ని కొంత తగ్గిస్తుంది కానీ నిర్ణయం చెప్పదు. చెప్పేవి లోపలి త్రికోణాలు.

ఇక్కడే అందరూ తడబడతారు. శ్రీచక్రం నడుమ చూస్తే కళ్లు తిరిగేటన్ని గీతలు. అందులో 43 చిన్న త్రికోణాలున్నాయని వినే ఉంటారు. వాటిని నేరుగా లెక్కపెట్టబోతే ప్రతిసారీ ఒక లెక్క వస్తుంది, ఎందుకంటే త్రికోణాల మధ్య మిగిలే ఖాళీ ముక్కలు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. అందుకని మొదట చిన్న త్రికోణాలను వదిలేయండి. వాటిని పుట్టించిన పెద్ద త్రికోణాలను పట్టుకోండి. అవి తొమ్మిదే. ఐదు ఒక వైపు చూస్తాయి, వాటిని శక్తి త్రికోణాలంటారు. నాలుగు ఎదురు వైపు చూస్తాయి, అవి శివ త్రికోణాలు. సౌందర్యలహరిలో పదకొండో శ్లోకం ఈ చక్రం నిర్మాణాన్నే చెబుతుంది: నాలుగు, ఐదు, అష్టదళం, షోడశదళం, మూడు వలయాలు, మూడు రేఖలు. కోణాల సంఖ్య దగ్గర మాత్రం ఆ శ్లోకానికి రెండు పాఠాలున్నాయి. ఒకదానిలో 43, మరొకదానిలో 44. నడిమి బిందువును కూడా కలిపి లెక్కిస్తే 44 అవుతుంది. మీ ఇంట్లో ఉన్న పుస్తకంలో ఒకటి, పక్కింటివారి పుస్తకంలో ఇంకొకటి ఉంటే గాభరా పడకండి.

తొమ్మిది పెద్ద త్రికోణాలున్నాయో లేదో చూడడానికి ఒక సులువు ఉంది. ప్రతి త్రికోణానికీ ఒక అడ్డగీత ఉంటుంది, అది కూర్చునే పీట లాంటిది. మిగతా రెండు గీతలూ ఏటవాలుగా ఉంటాయి. కాబట్టి యంత్రాన్ని తిన్నగా పట్టుకుని లోపలి వలయంలో ఉన్న అడ్డగీతలు మాత్రమే పైనుంచి కిందికి లెక్కపెట్టండి. సరిగ్గా తొమ్మిది రావాలి. ఎనిమిది వచ్చినా పది వచ్చినా అది శ్రీచక్రం కాదు, లేదా తప్పుగా గీసిన శ్రీచక్రం. నిలువుగా కాకుండా పక్కకు తిప్పి పట్టుకుంటే ఈ లెక్క కుదరదు. త్రికోణాల కొనలు మీ వైపు, మీకు ఎదురు వైపు ఉండేలా పట్టుకోవాలి.

ఇప్పుడు ఆ తొమ్మిదింటికీ పైనుంచి 1 మొదలు 9 వరకు పెన్సిల్‌తో అంకెలు వేయండి. రేకు మీద కాదు, ఫొటో ముద్రించుకుని దాని మీద. పైన ఉన్న ఐదు గీతలూ కిందికి చూసే త్రికోణాలవి, కింద ఉన్న నాలుగూ పైకి చూసే త్రికోణాలవి. ఐదు, నాలుగు అన్న లెక్క ఇలా కళ్లకు కనిపిస్తుంది. పై నుంచి నాలుగే కిందికి చూస్తూ, కింద ఐదు పైకి చూస్తుంటే ఏమిటని అడగవచ్చు. ఏమీ లేదు, ఫొటో తలకిందులుగా ఉంది. ఐదు ఉన్న కుటుంబం కొనలు మీ వైపు వచ్చేలా తిప్పుకోండి. పూజలో కొన ఎటు ఉండాలన్నది సంప్రదాయాన్ని బట్టి మారుతుంది, అది మీ గురువుగారిని అడగాల్సిన సంగతి. పోల్చుకోవడానికి మాత్రం ఈ దిక్కు అనుకూలం.

గీతల మధ్య దూరాలకు కూడా పాత లెక్క ఒకటుంది. సౌందర్యలహరి వ్యాఖ్యానాల సంప్రదాయంలో వలయం నిలువు వ్యాసాన్ని 48 భాగాలు చేస్తారు. పై అంచు నుంచి మొదటి గీత 6 భాగాల దూరంలో, ఆ తర్వాత వరుసగా 6, 5, 3, 3, 4, 3, 6, 6 భాగాల దూరంలో మిగతా గీతలు. చివరి గీత నుంచి కింది అంచుకు మళ్లీ 6. మొత్తం 48. రేకు మీద స్కేలు పెట్టి కొలవాల్సిన పనిలేదు. నడుమ గీతలు దగ్గర దగ్గరగా, పైనా కిందా ఎడంగా ఉన్నాయా అని చూస్తే చాలు. తొమ్మిది గీతలూ సమాన దూరంలో ఉంటే, గీసినవాళ్లు నియమం చూడకుండా అందంగా కనిపిస్తే చాలనుకుని గీశారని అర్థం.

అసలు పరీక్ష మాత్రం కొనల దగ్గర ఉంది. పెద్ద త్రికోణం కొన ఎక్కడపడితే అక్కడ ఆగదు. తొమ్మిదింటిలో రెండే వలయాన్ని తాకుతాయి: 3వ గీత మీది త్రికోణం కొన కింద అంచుకు, 7వ గీత మీది త్రికోణం కొన పై అంచుకు. ఇవే అన్నిటికన్నా పెద్దవి, ఈ రెండింటి అడ్డగీతల చివరలు కూడా వలయాన్ని తాకుతాయి. మిగతా ఏడు కొనలూ ఎదురు కుటుంబానికి చెందిన ఒక గీత మధ్యలో వాలి అక్కడే ఆగుతాయి. 1వ గీత త్రికోణం కొన 6వ గీత మీద, 2వది 9 మీద, 4వది 8 మీద, 5వది 7 మీద. పైకి వెళ్లేవాటిలో 6వది 2 మీద, 8వది 1 మీద, 9వది 3 మీద. జాగ్రత్తగా చూస్తే 4, 5 గీతలకు మాత్రం పైనుంచి కానీ కిందనుంచి కానీ ఏ కొనా తగలదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, చూడగానే తప్పు పట్టవచ్చు. నడుమ ఒత్తుగా ఉన్న 4వ, 5వ గీతల మధ్యలో ఏదైనా కొన వచ్చి ఆగితే ఆ బొమ్మ ఎక్కడో దారి తప్పింది.

ఇంకో పాఠకుడు పంపిన క్యాలెండర్ బొమ్మలో సరిగ్గా ఇలాంటిదే జరిగింది. రంగులు బ్రహ్మాండంగా ఉన్నాయి. దళాలు 16, 8 ఉన్నాయి. అడ్డగీతలు కూడా తొమ్మిది వచ్చాయి. 9వ గీత మీది త్రికోణం మాత్రం 3వ గీతను అందుకోకుండా కొంచెం కిందే ఆగిపోయింది. పైకి చిన్న లోపంలాగే కనిపిస్తుంది. కానీ ఆ కొన వాలాల్సిన చోట ఒక సన్నని ఖాళీ మిగిలిపోయింది. కలవాల్సిన గీతలు కలవలేదు. శ్రీచక్రంలో రెండు గీతలు కలిసే చోటుని సంధి అనీ, మూడు గీతలు ఒకే బిందువులో కలిసే చోటుని మర్మం అనీ అంటారు. సంప్రదాయం 24 సంధులనూ 28 మర్మాలనూ చెబుతుంది. ఆ మూడింటిలో ఒక గీత తప్పుకుంటే మర్మం చెదిరి, అక్కడ ఒక పిల్ల త్రికోణం పుడుతుంది. భూతద్దంతో చూస్తే ముందు కనిపించేది ఇదే. లెక్కలో లేని ఆ బుల్లి ముక్క.

అయితే ఒక మాట. మరీ కఠినంగా ఉండకండి. పైన చెప్పిన 48 భాగాల పూర్ణ సంఖ్యలతో స్కేలు పట్టి గీసినా మర్మాలన్నీ గణితం ఒప్పుకునేంత అచ్చంగా కుదరవు. కొంత తేడా గీత మందంలో కలిసిపోతుంది. ఈ త్రికోణాలు ఒకదానితో ఒకటి ఎంత బిగుతుగా ముడిపడి ఉన్నాయంటే, ఒక గీతను కదిలిస్తే మిగతావి కూడా కదలాలి. అన్ని మర్మాలూ కచ్చితంగా కుదిరేలా ఎలా గీయాలన్నది గణితజ్ఞులు పరిశోధించిన ప్రశ్న. 1984లో ఇండియన్ జర్నల్ ఆఫ్ హిస్టరీ ఆఫ్ సైన్స్‌లో కులైచెవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త దీని మీద వ్యాసం రాశారు. 1998లో అదే పత్రికలో సి.ఎస్. రావుగారు సమతలంలోనూ గోళం మీదా శ్రీయంత్రం రూపాలను పరిశీలించారు. కాబట్టి వెంట్రుకవాసి తేడాను క్షమించండి. గీత మందాన్ని మించి ఖాళీ కనిపిస్తేనే అనుమానించండి.

పెద్ద త్రికోణాల సంగతి తేలాక, ఇప్పుడు ధైర్యంగా చిన్నవాటి దగ్గరికి వెళ్లవచ్చు. లోపలినుంచి బయటికి రండి. నట్టనడుమ ఒకే త్రికోణం, అందులో బిందువు. ఆ త్రికోణం పై అంచు 5వ గీత, కింది కొన 6వ గీత మీద వాలిన చోటు. దాన్ని చుట్టుకుని బయటికి కొనలు చాపిన ఎనిమిది త్రికోణాల వరస. దాని బయట పది, దాన్ని చుట్టి మళ్లీ పది, అన్నిటికన్నా బయట పద్నాలుగు. 1, 8, 10, 10, 14 కలిపితే 43. ఒక్కో వరసకు ఒక్కో రంగు పెన్సిల్ వాడండి. కొన బయటికి చూసే త్రికోణాలకే రంగు వేయండి, మధ్యన మిగిలే ఖాళీలను తెల్లగా వదిలేయండి. అంతర్దశారం, బహిర్దశారం, చతుర్దశారం అన్న పేర్లు పూజ చేసేవారికి పరిచయమే. ఖడ్గమాల చదివేవారు ఒక్కో వరసలో దేవతల పేర్లు ఎన్నో లెక్క చూస్తే, నడిమి త్రికోణం మినహా ఈ సంఖ్యలే అక్కడా కనిపిస్తాయి.

మేరువు రూపంలో ఉన్న శ్రీచక్రం ఇంట్లో ఉంటే లెక్క మారదు, చూసే తీరు మారుతుంది. పక్కనుంచి చూస్తే మెట్లు మాత్రమే కనిపిస్తాయి, పై నుంచి చూసి లెక్కపెట్టాలి. అనకాపల్లి దగ్గర దేవీపురంలో గుడి మొత్తాన్నీ శ్రీమేరువుగా కట్టారు. పటం మీద కన్నా అక్కడ నడిచి చూస్తే వరసలు ఏవి లోపల, ఏవి బయట అన్నది తేలిగ్గా తెలుస్తుంది.

భూపురం, వలయాల దగ్గర పెద్దగా పట్టించుకోకండి. మూడు గీతల భూపురం, షోడశదళం బయట మూడు వలయాలు అన్నది బాగా వ్యాప్తిలో ఉన్న రూపం. కానీ వలయాల విషయంలో సంప్రదాయాల మధ్య తేడాలున్నాయి. వలయాలు తక్కువున్నాయని ఒక రేకును తోసిపుచ్చడం సరికాదు. త్రికోణాల దగ్గర తప్పుంటే మాత్రం ఏ సంప్రదాయమూ కాపాడదు.

శ్రీచక్రం కాదని తేలాక మరేమిటది? ముందుగా మూడు సంగతులు చెబుతాను. త్రికోణాలు ఒకదానితో ఒకటి అడ్డుపడకుండా, ఒకే వైపు చూస్తూ ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటే, చుట్టూ అష్టదళం ఉంటే, అది చాలావరకు కాళీ యంత్రం. సాధారణంగా ఐదు త్రికోణాలుంటాయి. నడుమ ఒక త్రికోణం, దాని చుట్టూ ఎనిమిది, మొత్తం తొమ్మిది చిన్న త్రికోణాలు మాత్రమే ఉండి, చుట్టూ అష్టదళం ఉంటే అది నవయోని. శ్రీచక్రం నడిమి భాగాన్ని మాత్రమే తీసి పెట్టినట్టు ఉంటుంది. మన దగ్గర బాలా త్రిపురసుందరి యంత్రంగా ఎక్కువమంది చూసేది ఇదే. త్రిపురభైరవికి కూడా నవయోని ఉంటుంది కాబట్టి బీజాక్షరం చూడకుండా పేరు చెప్పకండి.

మూడోది, త్రికోణం, షట్కోణం, అష్టదళం, భూపురం అన్న వరస. ఇక్కడ ఆకారం చేతులెత్తేస్తుంది. గణపతి యంత్రం ఇలాగే ఉండవచ్చు, బగళాముఖి యంత్రం కూడా ఇదే పోలికలో ఉండవచ్చు. నడుమ "గం" ఉంటే గణపతి, "హ్లీం" ఉంటే బగళ. అక్షరం అరిగిపోయి, లేదా అసలు చెక్కకుండా ఉంటే, ఫలానా దేవతది అని గట్టిగా చెప్పడం ఊహే అవుతుంది. అలాంటి ఫొటోలకు నేను "షట్కోణ యంత్రం" అని మాత్రమే జవాబు రాస్తున్నాను. దయచేసి నొచ్చుకోకండి.

షట్కోణం చుట్టూ పన్నెండు దళాలుండి భూపురం లేని బొమ్మలు కూడా ఇద్దరు పంపారు. అవి పూజా యంత్రాలు కావు. యోగ గ్రంథాల్లో హృదయ స్థానంలో చెప్పే అనాహత చక్రం బొమ్మలు. పది దళాల మధ్య కిందికి చూసే త్రికోణం ఉంటే మణిపూరం. దేహంలోని చక్రాలకు దళాల లెక్కే ముఖ్య గుర్తు: మూలాధారానికి 4, స్వాధిష్ఠానానికి 6, మణిపూరానికి 10, అనాహతానికి 12, విశుద్ధికి 16, ఆజ్ఞకు 2. పైన దళాలను నమ్మొద్దన్నాను కానీ ఇక్కడ మాత్రం నమ్మవచ్చు.

దళాలూ త్రికోణాలూ ఏవీ లేకుండా తొమ్మిది గడుల్లో అంకెలు మాత్రమే ఉంటే అది నవగ్రహాల్లో ఒకదానిది. నడిమి గడి చూడండి. 5 ఉంటే సూర్యుడు, 6 చంద్రుడు, 7 కుజుడు, 8 బుధుడు, 9 గురువు, 10 శుక్రుడు, 11 శని, 12 రాహువు, 13 కేతువు. ఏ వరస కూడినా నడిమి అంకెకు మూడింతలు రావాలి. సూర్యుడికి 15, శనికి 33. కూడి చూసి రాకపోతే చెక్కినవాళ్లు అంకె తప్పు వేశారన్నమాట. దుకాణంలోనే నిలబడి చేయగల పరీక్ష ఇది.

ఇక మండలాలు. టిబెట్ బౌద్ధుల రంగురంగుల మండలాన్ని శ్రీచక్రం అనుకుని పంపినవారూ ఉన్నారు. తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. శ్రీచక్రంలో చతురస్రం అన్నిటికన్నా బయట ఉంటుంది, వలయాలూ పద్మాలూ దాని లోపల. టిబెట్ మండలంలో వలయాలే బయట: సాధారణంగా అగ్ని జ్వాలల వలయం, వజ్రాల వలయం, పద్మ దళాల వలయం. చతురస్రం వాటి లోపల ఉంటుంది. అది నాలుగు ద్వారాల దేవతా భవనం, పైనుంచి చూస్తున్నట్టు గీస్తారు. లోపల దేవతలు బొమ్మలుగానో, గుర్తులుగానో ఉంటారు. కాలచక్ర మండలంలో 722 మంది దేవతలున్నారని చెబుతారు, భవనం కూడా ఒకదానిలో ఒకటిగా మూడుంటాయి. 2006 జనవరిలో మన అమరావతిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చారు, అప్పుడు వెళ్లినవారి ఇళ్లలో ఆ మండలం పటాలు ఉండవచ్చు. త్రికోణాలు కనిపించగానే అది బౌద్ధ మండలం కాదని కూడా అనకండి. వజ్రయోగిని మండలంలో అడ్డుపడిన రెండు త్రికోణాలుంటాయి. అక్కడా బయట చతురస్రమా, వలయమా అన్నదే ముందు చూడాలి.

ఇకమీద ఫొటో పంపేవారికి నాలుగు మాటలు. రేకును నేల మీద పెట్టి నేరుగా పైనుంచి తీయండి, పక్కనుంచి తీస్తే అడ్డగీతల ఎడాలు తెలియవు. పసుపు, కుంకుమ, గంధం తుడిచాకే తీయండి, ఎందుకంటే అవి సరిగ్గా బిందువు దగ్గరే పేరుకుంటాయి, బీజాక్షరం ఉండేది కూడా అక్కడే. పూజలో ఉన్న యంత్రమైతే కదిలించకండి, పుస్తకంలో దాని పటం ఉంటే అది పంపండి. మీరు లెక్కపెట్టిన అడ్డగీతల సంఖ్య ఉత్తరంలో తప్పక రాయండి. తొమ్మిది కాకపోతే ఎన్నో రాయండి, అక్కడినుంచి నేను చూస్తాను.

ఉంటాను,
మీ మిత్రుడు